ఐస్ ఫ్యాక్టరీ అంటే అందరికీ తెలుసు

పద్మనాభంగారు ఉద్యోగం వెతుక్కోవడానికి ఢిల్లీ పక్కన వైశాలిలో బావమరిది ఇంటికి వచ్చాక ఆయనకు వచ్చిన మొదటి ఫోను పెళ్ళివాళ్ళ దగ్గర్నుంచి.

హాల్లో సోఫా మీద కూర్చుని, ఒళ్ళో ఫోను పెట్టుకుని, అది మోగేదాకా దాన్నే చూస్తూ ఉండటం ఆయన దినచర్య. మోగగానే ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు. "ఎస్ సర్, పద్మనాభం స్పీకింగ్ సర్," అన్నారు. అవతలివాళ్ళు హిందీలో ఏదో అడిగారు. ఆయన కళ్ళు వంటింటి గుమ్మం వైపు తిరిగాయి. లీలావతి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫోను అందుకుంది.

"సాహిబాబాద్ నుంచి ఎవరో పెద్దాయన అన్నయ్యగారూ," అంది రెండు నిమిషాల తర్వాత. "మీ రెజ్యూమే చూశారట."

"చూశారా!"

"చూశారు. వాళ్ళమ్మాయి పెళ్ళట. ఐస్ దిమ్మ రేటెంత, హంస బొమ్మ చెక్కి ఇస్తారా అని అడుగుతున్నారు."

పద్మనాభంగారు మెల్లగా కూర్చున్నారు. లీలావతి నవ్వును పంటి కింద బిగబట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, అక్కడ కుక్కరు విజిల్ వేసినప్పుడు దాంతో పాటే నవ్వేసింది.

నవ్వింది గానీ, సంగతి నవ్వేది కాదని ఆవిడకు తెలుసు. పద్మనాభంగారు తన ఆడపడుచు భ్రమరాంబ మొగుడు. ఇంటి అల్లుడు. నలభై తొమ్మిదేళ్ళు. ఇరవై రెండేళ్ళు చేసిన కంపెనీ నిరుడు మూతపడింది. ఇక్కడ పని దొరక్కపోతే భీమవరం తిరిగి వెళ్ళి, తోడల్లుడి పెట్రోలు బంకులో గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలి. ఆ తోడల్లుడు ఎలాంటివాడంటే, చిల్లర ఇచ్చిన ప్రతి మనిషికీ "మా తోడల్లుడేనండి, పాపం కంపెనీ పోయింది" అని పరిచయం చేసే రకం. ఆ మాట తలచుకున్నప్పుడల్లా పద్మనాభంగారు అన్నం తక్కువ తింటున్నారు. ఆయన తక్కువ తింటే, అల్లుడికి మర్యాద తక్కువైందేమోనని భర్త కిరీటి లీలావతి వంక అదోలా చూస్తున్నాడు. మొత్తానికి ఎటు తిరిగినా ఆ ఉద్యోగం లీలావతికే ముందు కావలసి వచ్చింది.

ఆ సాయంత్రం ఆవిడ మూడో అంతస్తులో ఉండే షారన్‌ను టీకి పిలిచింది. షారన్ వాళ్ళమ్మ దయావతి కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా స్థిరపడింది. షారన్ నోయిడాలో ఒక సంస్థలో కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టే ఉద్యోగం చేస్తోంది. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది. మాట్లాడేటప్పుడు మాత్రం మూడు భాషల్లో ఏది ముందు దొరికితే అది పట్టుకుంటుంది.

రెజ్యూమే తెరిచి, ఒక గుక్క టీ తాగి, మూసేసింది.

"అంతేనా? చదివావా?" అంది లీలావతి.

"ఆంటీ, ఆఫీసులో ఇంతకన్నా తక్కువ చూస్తాను. చాయ్ మీద ఊదినంత టైమ్, బస్. అంకుల్, ఇక్కడ 'శ్రీ అన్నపూర్ణేశ్వరి ఐస్ ఫ్యాక్టరీ, భీమవరం, మేనేజర్, ఇరవై రెండేళ్ళు' అని ఉంది. నాకేం కనిపించిందో చెప్పనా? ఒక షెడ్డు. రెండు దిమ్మలు. గోనెసంచి. అంకుల్ లుంగీలో."

"లుంగీయా!" పద్మనాభంగారు నిటారుగా అయ్యారు. "అమ్మాయ్, మా ఐస్ ఫ్యాక్టరీ ఏవిటనుకున్నావు? బస్ స్టాపు పేరే ఐస్ ఫ్యాక్టరీ స్టాపు. విజయవాడలో బస్సెక్కి ఐస్ ఫ్యాక్టరీ అంటే చాలు, కండక్టరు ఇంకేవీ అడగడు. అందరికీ తెలుసండి!"

"వైశాలి మెట్రోలో అనండి అంకుల్. చూద్దాం ఎక్కడ దింపుతారో."

అసలు కథ ఇది. డెబ్బైల్లో చేపల లారీలకు ఐస్ దిమ్మలు పోయడానికి పెట్టారు గనక ఐస్ ఫ్యాక్టరీ అయింది. తర్వాత ఐస్ పక్కన రొయ్యలు వచ్చాయి. రొయ్యల పక్కన జపాను వాళ్ళు వచ్చారు. కొత్త భవనాలు, కొత్త యంత్రాలు, సముద్రం మీద వెళ్ళే కంటైనర్లు, అన్నీ వచ్చాయి. గేటు మీద బోర్డు మాత్రం మారలేదు. మార్చితే అచ్చిరాదని పెద్దాయన నమ్మకం.

"కాగితాల మీదైనా ఐస్ ఫ్యాక్టరీయేనా?" అంది షారన్. "పీఎఫ్ ఏ పేరు మీద కట్టారు?"

"అదా, ఏఐఎఫ్ మెరైన్ ఎక్స్‌పోర్ట్స్ ప్రైవేట్ లిమిటెడ్. అది ఉత్త కాగితాల మీద పేరమ్మా. ఎవరూ వాడరు."

షారన్ కప్పు కింద పెట్టింది. "అంకుల్! రేపు ఎవరైనా వెరిఫికేషన్ చేస్తే వాళ్ళు వెతికేది ఆ పేరే. ఐస్ ఫ్యాక్టరీ అని వెతికితే మీరు అసలు పుట్టనే లేదు. పేరు అది రాయండి. దాని కింద ఒక్క లైను. కంపెనీ ఏం చేస్తుంది, ఎంత పెద్దది, ఇప్పుడు ఉందా లేదా. మా మమ్మీ కాకినాడలో చేసిన హాస్పిటల్ ఇక్కడ ఎవరికీ తెలీదు. మమ్మీ ఏం రాస్తుందో తెలుసా? 'రెండు వందల పడకలు, ప్రసూతి విభాగం ప్రధానం.' ఠీక్ హై, అయిపోయింది. ఢిల్లీలో ఏ మేట్రన్ అయినా ఒక్క చూపులో పట్టేస్తుంది."

"ఒక్క లైనులోనా?" పద్మనాభంగారి గొంతులో ఎవరో తన పెళ్ళిని ఒక్క ఫోటోలో చూపించమన్నంత బాధ ఉంది.

మర్నాడు పొద్దున్న ఆయన తన ఒక్క లైను లీలావతికి ఇచ్చారు. అది పేజీన్నర ఉంది. వ్యవస్థాపకులు కీర్తిశేషులు ఫలానావారి దూరదృష్టితో మొదలై, వారి సతీమణి కట్టించిన కల్యాణమండపం మీదుగా, పుష్కరాల్లో పంచిన మజ్జిగ దాకా వెళ్ళింది. రొయ్య అన్న మాట ఎక్కడా లేదు. లీలావతికి అప్పుడు అది తట్టలేదు. మజ్జిగ దగ్గరే ఆగిపోయింది.

"బావగారూ, ఇలా కాదు," అన్నాడు కిరీటి. అతను గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. రోజూ స్లైడ్లు చేసేవాడు గనక ఒక్క లైను తన సొత్తు అనుకుంటాడు. టై సర్దుకుంటూనే ల్యాప్‌టాప్‌లో టకటకా కొట్టి చదివాడు. "నాణ్యతకు కట్టుబడి, వినియోగదారుల సంతృప్తే ధ్యేయంగా పనిచేసిన అగ్రశ్రేణి బహుళజాతి సంస్థ."

"బహుళజాతి ఎలా అయింది?" అంది లీలావతి.

"జపానుకి పంపలేదూ?"

"నేను మీ పిన్నికి అమెరికాకి ఆవకాయ పంపాను. నేనూ బహుళజాతి సంస్థనేనా?"

కిరీటికి క్యాబ్ వచ్చేసింది కాబట్టి సరిపోయింది.

లీలావతి ఆ వాక్యాన్ని కాసేపు చూసింది. ఆవిడకు ఎంఏ ఉంది, ఇరవై ఏళ్ళ కాపురం ఉంది, కూరల బండి అతను తూకంలో చేసే కనికట్టు పట్టుకునే కన్ను ఉంది. కిటికీలోంచి కింద గేటు పక్కన బిట్టూ సమోసా బండి కనిపిస్తోంది. బిట్టూ నూనెలో సమోసాలు వదులుతున్నాడు.

"అన్నయ్యగారూ, ఇలా రండి. ఆ బండి చూడండి. 'బిట్టూ సమోసా. నాణ్యతకు కట్టుబడి, వినియోగదారుల సంతృప్తే ధ్యేయంగా పనిచేస్తున్న అగ్రశ్రేణి సంస్థ.' తప్పేవైనా ఉందా?"

పద్మనాభంగారు నిజాయితీగా ఆలోచించారు. "లేదండి. నిన్న తిన్నాను. బానే ఉంది."

"మరి బిట్టూకీ ఐస్ ఫ్యాక్టరీకీ ఒకే వాక్యం సరిపోతే ఆ వాక్యం దేనికి? బిట్టూకి సరిపోనివి చెప్పండి."

అప్పుడాయన మొదటిసారి నవ్వారు. "బిట్టూకి కోల్డ్ స్టోరేజీ లేదండి."

"ఆఁ! అలా రండి."

లీలావతికి ఈ విద్య కొత్తది కాదు. పన్నెండేళ్ళుగా ఈ సొసైటీలో గోంగూరకి పరిచయకర్త ఆవిడే. మొదట్లో గోంగూర అంటే ఏమిటని అడిగితే నేల, ఆకు, కాండం, గుంటూరు, అన్నీ చెప్పేది. ఎదురింటి చోప్రా ఆంటీ కళ్ళు తేలేసేది. ఇప్పుడు "పాలక్ లాంటిదే దీదీ, నిమ్మకాయ పిండక్కర్లేదు" అంటుంది. వినేవాళ్ళ వంటింట్లో ఉన్న గిన్నెతో కొలిచి చెప్పాలి. మన వంటింట్లో గిన్నెతో కాదు.

"ఎంతమంది పనిచేసేవారు?"

"మూడు షిఫ్టులండి."

"షిఫ్టులు కాదు, మనుషులు."

"బాగా నడిచినప్పుడు ఆరొందలు. నేను మేనేజరుగా ఉన్న రోజుల్లో నాలుగొందలకి అటూ ఇటూ. మూసేనాటికి..." ఆయన గొంతు తగ్గింది. "తొంభై."

"మీ హయాం లెక్కే రాద్దాం. నాలుగొందలు. రోజుకి ఎంత సరుకు?"

"సీజన్లో ముప్పై టన్నులు వెళ్ళిన రోజులున్నాయి."

"ముప్పై అని రాయనా?"

"వద్దమ్మా. ముప్పై అంటే దసరా నాటి ఇల్లు. మామూలు రోజు ఇరవై."

లీలావతికి ఆ మాట నచ్చింది. ఇరవై అని రాసింది. "సరుకు అంటే రొయ్యలే కదా? రొయ్యలని ఎక్కడా రాయలేదేం మీరు?"

పద్మనాభంగారు సోఫా అంచు గోకారు. "మీ ఆయనే వద్దన్నాడండి."

"ఎప్పుడు?"

"వచ్చిన రోజే. స్టేషన్ నుంచి వస్తుంటే చెప్పాడు. 'బావగారూ, ఇక్కడ చేపా రొయ్యా అని పైకి అనకండి, మన ఇంటి ఓనరు శుద్ధ శాకాహారి, అద్దెకిచ్చేటప్పుడే మాట తీసుకున్నాడు' అన్నాడు. ఇల్లే ఇవ్వనివాళ్ళు ఉద్యోగం ఏం ఇస్తారని, రెజ్యూమేలో ఉన్న రొయ్యలన్నీ ఏరేశానండి. అవి పోయాక ఇంక ఐస్ ఒక్కటే మిగిలింది."

లీలావతి ఆయన్ని చూసింది. వంటింటి పై అరలో, 'సోయా' అని రాసిన డబ్బాలో తను దాచిన ఎండు రొయ్యల్ని తలచుకుంది. ఈ ఇంట్లో రొయ్యలు దాక్కోని చోటు లేదన్నమాట.

శనివారం షారన్ మళ్ళీ వచ్చింది, ఈసారి కబురుతో. సాహిబాబాద్ పారిశ్రామికవాడలో ఒక పచ్చి బఠాణీల ఫ్యాక్టరీ ఉంది. చలికాలంలో వచ్చిన బఠాణీని గడ్డకట్టించి ఏడాదంతా అమ్ముతారు. ఇంకో నెలలో సీజను మొదలు. ప్లాంటు మేనేజరు మధ్యలో వెళ్ళిపోయాడు. వాళ్ళకి మనిషి అర్జెంటుగా కావాలి.

"ఓనరే చూస్తారు. సింఘల్ గారు. మంచాయనే. కానీ ప్యూర్ వెజ్, ఆంటీ. ఉల్లిపాయ కూడా లేదు."

పద్మనాభంగారు రెజ్యూమే కాగితం మడతపెట్టడం మొదలుపెట్టారు.

"సింపుల్," అన్నాడు కిరీటి. "ఫ్రోజెన్ ఫుడ్ అని రాద్దాం. అబద్ధం కాదు కదా! రొయ్య ఫుడ్డే కదా!"

"అబద్ధం కాదు అంకుల్," అంది షారన్. "కానీ ఏం ఫుడ్ అని మొదటి ప్రశ్న అదే వస్తుంది. అప్పుడు చెప్తే దాచిపెట్టినట్టు ఉంటుంది. పైగా ఫ్రోజెన్ ఫుడ్ అంటే ఏదైనా కావచ్చు. ఐస్‌క్రీమ్ కావచ్చు, పరాఠా కావచ్చు. అంకుల్ ఏం చేశారో తెలీదు."

"బఠాణీవాడి ముందు రొయ్య పెడితే ఫోను కూడా చెయ్యడు!"

"చెయ్యకపోతే పోయె," అంది లీలావతి. "పెళ్ళికి ఐస్ కోసం చేసే ఫోనుకన్నా నయం."

అందరూ పద్మనాభంగారి వైపు చూశారు. ఉద్యోగం ఆయనది; ఆ సంగతి ఆ ఇంట్లో అప్పుడప్పుడు గుర్తు చేసుకోవలసి వచ్చేది.

"కిరీటీ," అన్నారాయన నెమ్మదిగా. "ఇరవై రెండేళ్ళు ఆ వాసనతోనే ఇంటికెళ్ళాను. మీ అక్క గుమ్మంలోనే చొక్కా విప్పించేది. ఇప్పుడు కాదంటే, ఇంతకాలం ఏం చేశావురా అంటే నాకు చెప్పడానికి ఏవీ ఉండదయ్యా."

కిరీటి ఏదో అనబోయి, "నేను స్నానం చేసొస్తా. వచ్చాక మాట్లాడదాం," అని వెళ్ళాడు. మాటల్లో ఓడిపోతున్నప్పుడు అతను స్నానానికి వెళ్తాడు. గీజరు వేడెక్కాలి గనక కాస్త వ్యవధి దొరుకుతుంది.

ఆ వ్యవధి లీలావతికి సరిపోయింది. ఆవిడ టైపు చేసిన ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇది: 'ఏఐఎఫ్ మెరైన్ ఎక్స్‌పోర్ట్స్ ప్రైవేట్ లిమిటెడ్, భీమవరం: అమెరికా, జపానులకు గడ్డకట్టించిన రొయ్యలు ఎగుమతి చేసిన ప్రైవేటు సంస్థ, నాలుగు వందల మంది పనివారు, రోజుకు సుమారు ఇరవై టన్నులు, భాగస్వాములు విడిపోవడంతో 2024లో మూతపడింది.'

పద్మనాభంగారు రెండుసార్లు చదువుకున్నారు. "కల్యాణమండపం..." అన్నారు ఆశగా.

"లేదు."

"సరే కానివ్వమ్మా."

షారన్ అక్కడికక్కడే పంపేసింది. కిరీటి తల తుడుచుకుంటూ వచ్చేసరికి ముగ్గురూ చేగోడీలు తింటున్నారు.

"ఏం డిసైడ్ చేశారు?"

"ఆలోచిస్తున్నామండి," అంది లీలావతి.

సోమవారం పిలుపొచ్చింది. పద్మనాభంగారి హిందీకి క్రియాపదాలు లేవు కాబట్టి లీలావతి కూడా ఈ-రిక్షా ఎక్కింది. గేటు లోపల ఆఫీసు చిన్నది. గోడకి దేవుడి పటం, దాని కింద ఫ్యాక్టరీ లైసెన్సులు, బల్ల మీద గాజు సీసాలో పచ్చని బఠాణీలు. సింఘల్ గారు అరవై దాటిన మనిషి. బొద్దుగా, తెల్లటి సఫారీలో, తన బఠాణీల్లాగే శుభ్రంగా ఉన్నాడు.

"బెహన్‌జీ, మీరూ కూర్చోండి," అన్నాడు హిందీలో. కళ్ళజోడు పెట్టుకుని కాగితం అందుకున్నాడు. ఆ ఒక్క లైను పైకి చదివాడు. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగాడు.

"ఝీంగా?"

"ఎస్ సర్," అన్నారు పద్మనాభంగారు. "ప్రాన్స్ సర్." తప్పు ఒప్పుకుంటున్నట్టు కాదు; పేరు చెబుతున్నట్టే అన్నారు.

సింఘల్ గారు ఆ మాట మీద వేలు పెట్టి, అది కదులుతుందేమో అన్నట్టు వేలు తీసేశాడు. టీ తెచ్చిన అబ్బాయి బల్ల మీద కప్పులు పెట్టి వెళ్ళాడు. లీలావతి బఠాణీ సీసా వంక చూస్తూ పెట్రోలు బంకు గల్లాపెట్టెను తలచుకుంది.

"మీరు లెక్క తప్పు రాశారు," అన్నాడు సింఘల్ గారు హఠాత్తుగా. "నాకూ సీజన్లో రోజుకి ఇరవై టన్నులే. నా దగ్గర అరవై మంది. ఇరవై టన్నులకి నాలుగు వందల మంది ఎందుకు? ఏం, పెళ్ళి చేస్తున్నారా అక్కడ?"

లీలావతి తెలుగులో చెప్పింది. పద్మనాభంగారి ముఖంలో దీపం వెలిగింది. ఇన్ని వారాల్లో ఆయన్ని ఎవరైనా పని గురించి అడగడం ఇదే మొదలు.

"అడిగారూ! చెప్పమ్మా ఆయనకి. బఠాణీని మిషన్ ఒలుస్తుంది. రొయ్యని మనిషే ఒలవాలి. తల తియ్యాలి, నరం లాగాలి, సైజుల వారీ వేరు చెయ్యాలి. నాలుగొందల్లో రెండొందల ఎనభై మంది ఆడవాళ్ళు ఆ బల్లల దగ్గరే. గడ్డకట్టించి పెట్టెలకెత్తే దగ్గర నాకూ అరవైమందే. అక్కడ మీ లెక్కా నా లెక్కా ఒకటే."

లీలావతి చెప్పింది. సింఘల్ గారు తల ఆడించాడు. ఇరవై, అరవై, నాలుగు వందలు అన్నీ ఆయన తలలో తమ తమ స్థానాల్లో కూర్చున్నట్టు కనిపించింది.

"కరెంటు పోతే?"

"తలుపులు తియ్యనివ్వను సర్," అన్నారు పద్మనాభంగారు ఇంగ్లీషులో. ఈ మాటకి ఆయనకి అనువాదం అక్కర్లేకపోయింది. "జనరేటరు ముందు కంప్రెసర్లకి. ఏసీలకి, ఆఫీసుకి తర్వాత. ఎండీగారి గదికి అన్నిటికన్నా ఆఖరు."

సింఘల్ గారు ఆ ఎండీగారి స్థానంలో తనను ఊహించుకుని ఒక క్షణం నొచ్చుకున్నాడు. తర్వాత నవ్వాడు. "కంపెనీ మూతపడటం మీ వల్లనా?"

"భాగస్వాములైన అన్నదమ్ముల వల్ల సర్. కాగితంలో రాశాం. ఆఖరి కంటైనర్ కూడా టైముకే పంపాను."

"మా బఠాణీ చేను నుంచి వచ్చాక కొన్ని గంటల్లో లోపలికి వెళ్ళిపోవాలి. లేకపోతే తీపి పోతుంది. చాలా నాజూకు సరుకు." ఈ మాట గర్వంగా అన్నాడు.

పద్మనాభంగారు తెలుగులో గొణిగారు: "బఠాణీకి ఇంత హడావుడా! రొయ్య మన భోజనం అయ్యేదాకా కూడా ఆగదు."

"ఏమంటున్నారు?"

"బఠాణీ అంటే ఎంతో గౌరవంగా చూసుకోవలసిన సరుకు అంటున్నారు," అంది లీలావతి. "రొయ్య దగ్గర తొందర నేర్చుకున్నారు కనక మీ సరుకు దగ్గర ఏ ఇబ్బందీ ఉండదంటున్నారు."

"అచ్ఛా, అచ్ఛా." సింఘల్ గారు కుర్చీలో వెనక్కి వాలాడు. "నిజం చెప్తాను బెహన్‌జీ. పోయిన మేనేజరు చాలా పెద్ద కంపెనీ నుంచి వచ్చాడు. పేరు చూసి నేను ఇంకేమీ అడగలేదు. వచ్చాక తెలిసింది, అతను అక్కడ బిస్కెట్ల వైపు ఉండేవాడట. మా చల్లని గదిలోకి వెళ్ళి వచ్చిన ప్రతిసారీ సెలవు పెట్టేవాడు. ఈయన కంపెనీ పేరు నేను ఎప్పుడూ వినలేదు. కానీ ఈ లైను చదివేసరికి ఎంత ఉంటుందో, లోపల ఏం జరుగుతుందో కళ్ళ ముందు కనిపించింది. ఝీంగాయే కాస్త..." చెయ్యి గాల్లో ఊపాడు. "సరే, ఈ మాట వినడానికి మా తాతగారు లేరు కదా."

తర్వాత జీతం మాటలు వచ్చాయి. ఫోను నంబరు రాసుకోవడానికి సింఘల్ గారు తన ఫోను తీశాడు. పది అంకెలూ కొట్టగానే ఆయన కనుబొమలు పైకి వెళ్ళాయి.

"ఈ నంబరు నా దగ్గర ముందే ఉంది! 'బరఫ్‌వాలా' అని, ఐస్ అమ్మేవాడని!"

లీలావతికి ఆ గొంతు ఎక్కడ విన్నదో అప్పుడు వెలిగింది.

"మా అకౌంటెంటు రెండు వారాల కిందట ఒక కాగితం తెచ్చిచ్చాడు," అన్నాడు సింఘల్ గారు మెల్లగా. "ఎవరో ఐస్ ఫ్యాక్టరీ మేనేజరు ఉద్యోగానికి పంపాడు, మనకి పనికిరాడు, అమ్మాయి పెళ్ళికి ఐస్ కావాలన్నారుగా అన్నాడు. అది మీరేనా?"

"ఎస్ సర్," అన్నారు పద్మనాభంగారు. "హంస బొమ్మ సర్."

సింఘల్ గారు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగాక అకౌంటెంటును పిలిచి, మళ్ళీ నవ్వి, అతనికి కారణం చెప్పకుండానే పంపేశాడు. లేచి చెయ్యి చాచి, మధ్యలో ఆగి, ఒక్క షరతు పెట్టాడు.

"టిఫిన్ డబ్బాలో ఉల్లిపాయ కూడా రాకూడదు. ఒకటో తారీకు నుంచి రండి."

లీలావతి ఈ మాటను అనువదించేటప్పుడు ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

ఇంటికి వచ్చాక కిరీటి ఉద్యోగం వచ్చిందన్న మాట దాకా విని, "చూశారా, ఫ్రోజెన్ ఫుడ్ అని రాయడం పనిచేసింది!" అన్నాడు. లీలావతి వంటింట్లోకి వెళ్ళి, కిటికీలు మూసి, పై అరలోంచి సోయా డబ్బా దించింది. అల్లుడిగారికి ఉద్యోగం వచ్చిన రోజున ఆ మాత్రం చెయ్యకపోతే బాగుండదు.

హాల్లో పద్మనాభంగారు భీమవరం ఫోను కలిపి స్పీకర్లో పెట్టారు. అవతల భ్రమరాంబ గొంతు గోదావరి వరదలా వచ్చింది. "వచ్చిందా! అమ్మయ్య! ఏ కంపెనీ అండీ? పేరేవిటి? ఆ పేరు ఎప్పుడూ వినలేదే? మన బంకాయనకి ఏవని చెప్పను?"

"ఇక్కడ సాహిబాబాద్‌లో అందరికీ తెలుసే..." అని మొదలుపెట్టారు పద్మనాభంగారు.

వంటింటి గుమ్మంలో గరిటె కనిపించింది. దాని వెనక లీలావతి.

ఆయన ఆగారు. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, భీమవరంలో గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషిని చూసుకున్నట్టున్నారు.

"మన ఐస్ ఫ్యాక్టరీయే అనుకో," అన్నారు. "రొయ్యల బదులు బఠాణీలు, ఒలిచే బల్లలుండవు. ఇది నడుస్తోంది."

"అయితే పెద్దదేనండీ," అంది భ్రమరాంబ తృప్తిగా. "మరి చొక్కా ఇక గుమ్మంలో విప్పక్కర్లేదన్నమాట."